మూడేళ్లు కట్టినా అసలు ఎందుకు తగ్గలేదు? ఇంటి లోన్ పట్టికలో 36వ వరుస చెప్పే లెక్క

ప్రశ్న: మూడేళ్ల కిందట ఫ్లాట్ కొనడానికి బ్యాంకులో 30 లక్షలు తీసుకున్నాం. 20 ఏళ్లు, 9 శాతం వడ్డీ, నెలకు 26,992 రూపాయల ఈఎంఐ. ఒక్క నెల కూడా తప్పలేదు. మొన్న స్టేట్‌మెంట్ తీస్తే ఇంకా 28,15,142 బాకీ ఉందని చూపించింది. తొమ్మిది లక్షల డెబ్బై వేలకు పైగా కడితే తగ్గింది లక్షా ఎనభై అయిదు వేలేనా? మా ఆయన ఆఫీసులో ఒకాయన 'బ్యాంకులు వడ్డీ అంతా ముందే లాగేసుకుంటాయి, ఇప్పుడు అదనంగా కట్టినా లాభం లేదు' అంటున్నారు. ఈ మధ్యే చిట్టీ పూర్తయి లక్ష రూపాయలు చేతికొచ్చాయి. లోన్‌లో కట్టమంటారా, వద్దంటారా? లోన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన అంకెల పట్టిక దగ్గరే ఉంది కానీ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.
ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీరు రాసిన అంకెలను పట్టికతో పోల్చి చూశాను. రూపాయి తేడా లేదు. మీ బ్యాంకు ఎక్కువ తీసుకోలేదు, ముందుగానూ తీసుకోలేదు. మీ లక్ష విషయానికొస్తే, దాన్ని ఇప్పుడు లోన్‌లో కడితే పదహారు ఈఎంఐలు ఎగిరిపోతాయి. ఆ ఆఫీసు ఆయన మాట తప్పని ఈ పట్టికే చెబుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని ఇది చదవండి.

ముందు వడ్డీని మనం ఊళ్లో లెక్క వేసుకునే పద్ధతిలోకి మారుద్దాం. ఏడాదికి 9 శాతం అంటే నెలకు నూటికి 75 పైసలు, అంటే ముప్పావలా వడ్డీ. డ్వాక్రా సంఘాల అప్పులకు పావలా వడ్డీ అన్నారే, అది ఏడాదికి 3 శాతం. చేబదులుకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మీది ముప్పావలా వడ్డీకి తెచ్చిన 30 లక్షలు. నోటు రాసి ఎవరి దగ్గరైనా ఇదే వడ్డీకి తెచ్చుకుని ఉంటే మొదటి నెల ఎంత ఇవ్వాలి? 30 లక్షలకు ముప్పావలా చొప్పున 22,500. అది ఆ ఒక్క నెల పాటు డబ్బు వాడుకున్నందుకు. అసలు 30 లక్షలూ అలాగే ఉంటుంది.

ఇప్పుడు పట్టికలో మొదటి వరుస చూడండి. వడ్డీ గడిలో అదే 22,500 ఉంటుంది. మీరు కట్టింది 26,992. వడ్డీకి పోగా మిగిలిన 4,492 అసలు గడిలో పడుతుంది. మిగిలిన అసలు 29,95,508. ఈ వరుసలో ఇంతకు మించి ఏమీ లేదు.

రెండో వరుసలో వడ్డీ 22,466 అని ఉంటుంది. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి వరుస చివర మిగిలిన 29,95,508 మీద ముప్పావలా. 26,992లో అది పోగా అసలుకు 4,526. మిగిలింది 29,90,982. మూడో వరుసలో వడ్డీ 22,432, అసలు 4,560. ఏ వరుస తీసుకున్నా పద్ధతి ఇంతే. పై వరుస చివర ఉన్న బాకీకి ఒక నెల వడ్డీ లెక్కగట్టి, కట్టిన దాంట్లోంచి అది తీసేసి, మిగిలింది బాకీలోంచి తగ్గించడం. తర్వాతి నెల వడ్డీని ఈ నెలే తీసుకునే గడి పట్టికలో ఎక్కడా లేదు. 'ముందే లాగేసుకుంటారు' అన్న మాట నిజమైతే ఏదో ఒక వరుసలో వడ్డీ గడి పై వరుస బాకీకి ముప్పావలా కంటే ఎక్కువ ఉండాలి. అలాంటి వరుస ఉందేమో మీరే వెతకండి.

మీరున్న చోటికే వద్దాం. 35వ వరుస చివర బాకీ 28,20,977. దానికి ముప్పావలా లెక్కన వడ్డీ 21,157. ఈఎంఐలో అది పోగా 5,835. 36వ వరుస చివర 28,15,142. మీ స్టేట్‌మెంట్‌లో ఉన్నది ఇదే అంకె.

అయితే మూడేళ్లలో కట్టిన 9,71,712లో 7,86,854 వడ్డీకే పోయిందంటే కడుపు మండుతుంది, నిజమే. కానీ ఆ డబ్బు దేనికి పోయిందో చూడండి. మూడేళ్ల పాటు మీ దగ్గర 28 లక్షలకు తగ్గకుండా బ్యాంకు డబ్బు ఉంది. దానికి ముప్పావలా చొప్పున 36 నెలల వడ్డీ అంతే అవుతుంది. మొదట్లో వడ్డీ ఎక్కువ ఉండటానికి కారణం ఒక్కటే, మొదట్లో బాకీ ఎక్కువ.

మరి అసలు గడి అంత చిన్నగా ఎందుకు మొదలైంది? ఇది బ్యాంకు నిర్ణయించిన వాటా అనుకుంటారు చాలామంది. నిజానికి అది మనం ఎంచుకున్న కాలం నుంచి వచ్చింది. 30 లక్షలకు మొదటి నెల వడ్డీ 22,500. మీరు లోన్‌ని పదేళ్లకు తీసుకున్నా, ముప్పై ఏళ్లకు తీసుకున్నా ఆ అంకె మారదు. ఈఎంఐలో 22,500కు పైన ఉన్న ముక్క మాత్రమే అసలుకు వెళ్తుంది. 15 ఏళ్లకు తీసుకుని ఉంటే ఈఎంఐ 30,428 అయ్యేది. నెలకు 3,436 ఎక్కువ. కానీ ఆ ఎక్కువంతా అసలుకే చేరి, మొదటి నెలే 7,928 తగ్గేది. అంటే ఈఎంఐ పెరిగింది ఎనిమిదో వంతు, అసలు తగ్గే వేగం పెరిగింది ముప్పావు వంతు. అదే 30 ఏళ్లకైతే ఈఎంఐ 24,139కి దిగి, మొదటి నెల అసలు తగ్గేది కేవలం 1,639. ఈఎంఐ తక్కువ పడుతుందని కాలం పెంచుకుంటే కోత పడేది వడ్డీకి కాదు, అసలు గడికి. లోన్ తీసుకునే రోజు కౌంటర్ దగ్గర ఈ మాట ఎవరూ విప్పి చెప్పరు, చెప్పాల్సిన మాట అది.

'మొదటి నుంచీ అసలు సమానంగా తగ్గేలా కట్టించుకోవచ్చుగా' అని మీకు అనిపించవచ్చు. అలా కూడా కట్టవచ్చు. 30 లక్షలను 240 నెలలకు సమానంగా పంచితే నెలకు 12,500 అసలు. దాని మీద మొదటి నెల వడ్డీ 22,500 కలిపితే 35,000 కట్టాలి. నెలనెలా కొంచెం తగ్గుతూ చివరి నెల 12,594 అవుతుంది. మొత్తం వడ్డీ 27 లక్షల 11 వేలు. మీ పద్ధతిలో మొత్తం వడ్డీ 34 లక్షల 78 వేలు. తేడా ఏడు లక్షల అరవై వేల పైచిలుకు. కాకపోతే ఉద్యోగం మొదట్లో, ఖర్చులన్నీ ఒక్కసారి మీద పడే రోజుల్లో, నెలకు 35,000 కట్టగలిగేవాళ్లు తక్కువ. అందుకే అందరికీ నచ్చేది ప్రతి నెలా ఒకే మొత్తం ఉండే ఈఎంఐ. ఈఎంఐని చదును చేసినందుకు అసలు గడి ఒంపు తిరిగింది.

ఆ ఒంపు ఎలా సాగుతుందో చూస్తే మీ పట్టిక మొత్తం అర్థమైనట్టే. మొదటి నెల తగ్గిన 4,492 వల్ల రెండో నెల వడ్డీ 34 రూపాయలు తగ్గింది. ఈఎంఐ మాత్రం మారలేదు కాబట్టి ఆ 34 వెళ్లి అసలులో కలిసింది. అందుకే 4,492 కాస్తా 4,526 అయింది. ప్రతి నెలా ఇదే జరుగుతుంది. అసలు గడి ముందు నెల కంటే ముప్పావు శాతం పెరుగుతుంది. ఇది చక్రవడ్డీ నడకే, ఇక్కడ మీ వైపు పనిచేస్తోంది. ముప్పావు శాతం చొప్పున పెరిగే అంకె రెట్టింపు కావడానికి 93 నెలలు, అంటే ఏడేళ్ల తొమ్మిది నెలలు పడుతుంది. అందుకే మొదట్లో ఏమీ కదలనట్టు ఉంటుంది. మొదటి ఏడాది మొత్తం మీద తగ్గేది 56,184. పదేళ్లు పూర్తయ్యాక కూడా బాకీ ఇంకా 21 లక్షల 30 వేలుంటుంది. సగం కాలం గడిచినా తీరేది మూడో వంతు కూడా కాదు. బాకీ 15 లక్షల కిందికి దిగేది 168వ నెలలో, అంటే పద్నాలుగేళ్లు పూర్తయ్యాక. అక్కడి నుంచి మిగతా సగం ఆరేళ్లలో కరిగిపోతుంది. చివరి వరుసలో వడ్డీ సుమారు 200 రూపాయలే ఉంటుంది, మిగతా ఈఎంఐ అంతా అసలే.

పట్టికలో ఇంకో వరుస గుర్తు పెట్టుకోండి, 149వది. అక్కడ మొదటిసారి అసలు గడి వడ్డీ గడిని దాటుతుంది. వడ్డీ 13,418, అసలు 13,574. ఈ దాటే చోటు ఎక్కడుంటుందో చూసుకోవడానికి ఒక సులువు ఉంది. వడ్డీ రేటు 9 శాతమైతే, లోన్ పది లక్షలైనా కోటి అయినా, చివరి నుంచి 92 వరుసలు వెనక్కి లెక్కపెడితే అక్కడి నుంచే అసలు వాటా సగం దాటుతుంది. 20 ఏళ్ల లోన్‌లో అది పన్నెండేళ్ల తర్వాత వస్తుంది. 30 ఏళ్ల లోన్‌లో ఇరవై రెండేళ్ల తర్వాత. ఎనిమిదేళ్ల లోపు లోన్ తీసుకుంటే మాత్రం దాదాపు మొదటి నెల నుంచే అసలు వాటా ఎక్కువ. రేటు తక్కువైతే ఆ చోటు ఇంకొంచెం ముందుకొస్తుంది.

ఇప్పుడు మీ లక్ష. దీనికి క్యాలిక్యులేటర్ అక్కర్లేదు, పట్టికలోనే సమాధానం ఉంది. ఇవాళ 28,15,142 బాకీ. లక్ష కడితే 27,15,142 అవుతుంది. పట్టికలో మిగిలిన అసలు గడి వెంట వేలు పెట్టి కిందికి దిగండి. ఈ అంకెకు దగ్గరగా ఏ వరుస ఉంది? 52వ వరుస చివర సుమారు 27,15,600 ఉంటుంది. అంటే లక్ష కట్టిన రోజు మీరు 36వ వరుస నుంచి 52వ వరుసకు దూకారు. మామూలుగా అయితే ఈ దూరం నడవడానికి పదహారు నెలలు పట్టేది. 37 నుంచి 52 దాకా ఉన్న పదహారు వరుసల్లో మీరు కట్టాల్సింది 4,31,872. అందులో అసలు 99,535 మాత్రమే. మిగతా 3,32,300 పైచిలుకు వడ్డీ. మీరు దూకేసిన వరుసల వడ్డీ గడులను కూడితే వచ్చేది అది, ఈఎంఐ మార్చకుండా కడుతూ పోతే మీకు తప్పేదీ అదే. లోన్ 240 నెలలకు బదులు 224 నెలల్లో తీరిపోతుంది.

మీరు దూకిన ప్రతి వరుసలో వడ్డీ ఇరవై వేల పైన, అసలు ఆరు వేలకు అటూ ఇటూ ఉండటం వల్లే ఇంత పెద్ద అంకె వచ్చింది. మిమ్మల్ని బాధపెట్టిన విషయమే అదనంగా కట్టినప్పుడు మీకు కలిసొస్తుంది. అసలు గడులు చిన్నగా ఉన్నచోట లక్ష రూపాయలు ఎక్కువ వరుసలను దాటిస్తుంది. ఇదే లక్షను పదిహేనేళ్లు పూర్తయ్యాక కడితే సుమారు ఆరు వరుసలు దాటిస్తుంది, తప్పే వడ్డీ 54 వేల దాకా ఉంటుంది. అప్పుడు అసలు గడులు 17 వేలు దాటి ఉంటాయి కాబట్టి.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా పట్టుకోండి. 3 లక్షల 32 వేలు, 54 వేలు, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి 'ఆలస్యంగా కడితే దండగ' అని చెప్పేవాళ్లు ఉన్నారు. ఆఫీసు ఆయన మాట కూడా అక్కడి నుంచే పుట్టి ఉంటుంది. ఎప్పుడు కట్టినా ఆ లక్ష మీద మీకు మిగిలేది ఏడాదికి 9 శాతమే. ఇప్పుడు కడితే దాదాపు పదిహేడేళ్లు మిగులుతుంది, అప్పుడు కడితే అయిదేళ్లే మిగులుతుంది. అందుకే మొత్తంలో తేడా. పన్నెండేళ్లు గడిచిన వాళ్లు కూడా 9 శాతం వచ్చే చోటు ఇంకోటి చూపించలేకపోతే లోన్‌లో కట్టుకోవడమే మేలు. అలాగే మీకు 3,32,300 కనబడుతోంది కదా అని అది ఇవాళ చేతికొచ్చే లాభం అనుకోవద్దు. లోన్ మొదలైన పద్దెనిమిదేళ్ల ఎనిమిది నెలల తర్వాత మీరు కట్టనక్కర్లేని ఈఎంఐల రూపంలో అది వస్తుంది.

కాబట్టి కట్టమనే నా సలహా. రెండు షరతులున్నాయి. ఇంట్లో ఇంతకంటే ఎక్కువ వడ్డీ అప్పు ఏదైనా ఉంటే, పర్సనల్ లోన్ గానీ, క్రెడిట్ కార్డు బాకీ గానీ, రూపాయిన్నర రెండు రూపాయల చేబదులు గానీ, ముందు అది తీర్చండి. ముప్పావలా వడ్డీని తగ్గించడానికి రెండు రూపాయల వడ్డీని మోయడం నష్టం. రెండోది, ఆ లక్ష తప్ప అత్యవసరానికి చేతిలో వేరే డబ్బు లేకపోతే ఆగండి. మామూలు ఇంటి లోన్‌లో కట్టేసిన అసలును బ్యాంకు తిరిగివ్వదు. ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో ఉండే లోన్‌లో మాత్రమే వేసిన డబ్బు మళ్లీ తీసుకోవచ్చు. మీది ఏదో లోన్ పత్రాల్లోనే రాసి ఉంటుంది.

కట్టేటప్పుడు ఒక్క విషయం మర్చిపోకండి. పార్ట్ పేమెంట్ కింద లక్ష కట్టాక బ్యాంకు రెండు రకాలుగా సర్దవచ్చు. ఈఎంఐ అలాగే ఉంచి కాలం తగ్గించడం ఒకటి, కాలం అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించడం ఇంకొకటి. పైన చెప్పిన పదహారు వరుసల దూకుడు మొదటి దానికే వర్తిస్తుంది. రెండో పద్ధతిలో మీ ఈఎంఐ 26,033కి దిగుతుంది, నెలకు 959 మిగులుతుంది. 204 నెలల్లో ఆ మిగులు 1,95,600. మీరు కట్టిన లక్ష తీసేస్తే తప్పిన వడ్డీ 95,600. బ్యాంకు ఇందులో మోసం చేసినట్టు కాదు, నెలకు 959 మీ చేతికి తిరిగొస్తోంది కాబట్టి లోన్ నెమ్మదిగా తీరుతోంది. నెల గడవడం కష్టంగా ఉన్నవాళ్లకు అదే మంచిది. ఈఎంఐ మీకు భారంగా లేదు కాబట్టి 'ఈఎంఐ మార్చవద్దు, కాలం తగ్గించండి' అని దరఖాస్తులో స్పష్టంగా రాసి ఇవ్వండి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. మీది మారే వడ్డీ రేటు లోన్ అయితే, వ్యక్తుల ఇంటి లోన్లను ముందుగా తీర్చినందుకు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు 2012లోనే చెప్పింది. స్థిర వడ్డీ లోన్ అయితే ఒప్పందంలో ఏముందో చూసుకోవాలి.

మీ పట్టిక అచ్చంగా సరిపోయింది, అందరి విషయంలో అలా ఉండదు. ఈ సమాధానం చదివే మిగతావాళ్ల కోసం, ముందు ముందు మీ కోసం కూడా, పట్టికకూ స్టేట్‌మెంట్‌కూ తేడా ఎక్కడ వస్తుందో చెబుతాను. చిన్న తేడాకు కారణం చాలాసార్లు రోజుల లెక్క. కొన్ని బ్యాంకులు నెలకు ముప్పావలా అని కాకుండా రోజుల చొప్పున వడ్డీ వేస్తాయి. మీ ప్రస్తుత బాకీకి 31 రోజుల నెలలో అది 21,518 అయితే, 28 రోజుల ఫిబ్రవరిలో 19,436 అవుతుంది. ఏడాదికి చూస్తే సర్దుకుంటుంది, కంగారు పడక్కర్లేదు. పెద్ద తేడా ఉంటే మొదటి వరుసకే వెళ్లండి. మొదలైన అసలు మీరు తీసుకున్న మొత్తమేనా? లోన్‌తో పాటు అంటగట్టిన ఇన్సూరెన్స్ ప్రీమియంను అసలులో కలిపేయడం వల్ల 30 లక్షలు కాస్తా 31 లక్షల చిల్లరతో మొదలైన పట్టికలు ఉంటాయి. కడుతున్న ఇల్లయితే, పూర్తి లోన్ విడుదలయ్యే దాకా సాధారణంగా కట్టేది వట్టి వడ్డీయే. ప్రీ ఈఎంఐ అంటారు. ఆ నెలల్లో అసలు గడి సున్నాయే, పట్టిక ఇంకా మొదలు కానట్టే లెక్క. ఏదైనా ఈఎంఐ బౌన్స్ అయితే ఆ నెల వడ్డీ బాకీగా నిలిచిపోయి, తగ్గాల్సిన బాకీ తిరగబడి పెరుగుతుంది.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది వడ్డీ రేటు మారడం. మీకు ఈ మూడేళ్లలో అది మారలేదు. మారితే ఏమవుతుందో మీ అంకెలతోనే చూద్దాం. ఇవాళ్టి బాకీ మీద రేటు 9 నుంచి 10 శాతం అయిందనుకోండి. వచ్చే నెల వడ్డీ 23,460. ఈఎంఐ అదే 26,992 ఉంచితే అసలుకు మిగిలేది 3,532. మామూలుగా ఆ నెల 5,878 పడాలి. ఒక్క శాతానికి అసలు గడి ఇంతగా కుంగిందంటే కారణం మళ్లీ అదే, వడ్డీకి పోగా మిగిలిన ముక్క చిన్నది. దాంట్లోంచి రెండు వేల మూడు వందలు పోతే నలభై శాతం పోయినట్టు. ఫలితంగా మిగిలిన 204 నెలలు 245 నెలలవుతాయి. 41 ఈఎంఐలు కొత్తగా నెత్తిన పడతాయి, నెలనెలా పోయే డబ్బులో మాత్రం తేడా కనబడదు. అదే ఈఎంఐని 28,749కి పెంచుకుంటే, నెలకు 1,757 ఎక్కువతో, లోన్ అనుకున్న నెలకే తీరుతుంది.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీది వడ్డీని, అంటే రెపో రేటును, 4 నుంచి 6.50 శాతానికి పెంచినప్పుడు చాలామంది ఇంటి లోన్లకు ఇదే జరిగింది. ఈఎంఐ మారలేదు కాబట్టి చాలా మందికి కాలం సాగిందని తెలియనే లేదు. దాని మీద రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఆదేశాలిచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలో, కాలం పెంచుకోవాలో, రెండూ కలిపి సర్దుకోవాలో రుణం తీసుకున్నవాళ్లే ఎంచుకునే అవకాశమివ్వాలి. నెల వడ్డీ కూడా పూర్తిగా కట్టలేనంతగా కాలం సాగదీయకూడదు. ప్రతి మూడు నెలలకూ ఒక స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అందులో ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఈఎంఐ మొత్తం, ఇంకా మిగిలిన ఈఎంఐల సంఖ్య, వార్షిక వడ్డీ రేటు ఉండాలి. ఇది చాలామందికి వస్తుంది, తెరిచి చూసేవాళ్లు తక్కువ. మీకు వచ్చినప్పుడు 'మిగిలిన ఈఎంఐలు' అన్న ఒక్క అంకె చూసుకుంటే చాలు. పోయినసారి కంటే మూడు తగ్గి ఉండాలి. తగ్గకపోతే, పెరిగితే, బ్యాంకుకు వెళ్లి ఈఎంఐ పెంచమని అడగవచ్చు. రేటు తగ్గినప్పుడు కూడా ఇదే పని చేయండి. ఈఎంఐ తగ్గిస్తామంటే వద్దని, పాతదే కడతామని చెబితే అసలు గడి వేగం పుంజుకుంటుంది.

మీ పట్టిక పాతది, కాగితం మీదిది. ఫోన్‌లోనో ఆఫీసు కంప్యూటర్‌లోనో స్ప్రెడ్‌షీట్ ఉంటే ఏ వరుసనైనా ఇలా సరిచూసుకోవచ్చు. మొదటిది ఈఎంఐ, రెండోది 36వ నెల వడ్డీ, మూడోది అదే నెల అసలు:

```
=PMT(9%/12,240,-3000000)
=IPMT(9%/12,36,240,-3000000)
=PPMT(9%/12,36,240,-3000000)
```

వరుసగా 26,991.78, 21,157.39, 5,834.39 వస్తాయి. బ్యాంకు ఈఎంఐని రూపాయికి సర్దడం వల్ల ఒకటీ అరా తేడా ఉంటుంది. 36 బదులు ఏ నెల అంకె పెడితే ఆ వరుస వస్తుంది. కొత్తగా లోన్ తీసుకునేవాళ్లయితే, 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన లోన్లకు బ్యాంకు ఇచ్చే ముఖ్య వివరాల పత్రంలో ఈ పట్టిక కూడా ఉండాలి. సంతకం పెట్టకముందే అడిగి, 15 ఏళ్లకూ 20 ఏళ్లకూ రెండు పట్టికలు తీయించుకుని మొదటి వరుసల్లోని అసలు గడులు పోల్చి చూడమని చెప్పండి.

లక్ష కట్టిన తర్వాత బ్యాంకును కొత్త పట్టిక ఇవ్వమని అడగండి. ఈఎంఐ తేదీ రోజునే కట్టారనుకుంటే దాని మొదటి వరుస ఇలా ఉండాలి: మొదలైన బాకీ 27,15,142, వడ్డీ 20,364, అసలు 6,628, ఈఎంఐ అదే 26,992, మొత్తం వరుసలు 188. నెల మధ్యలో కడితే ఆ ఒక్క నెల వడ్డీ కొంచెం మారుతుంది. ఈఎంఐ గడిలో 26,033 కనబడితే మాత్రం వాళ్లు కాలం తగ్గించలేదని అర్థం, దరఖాస్తు నకలు పట్టుకుని అదే వారంలో వెళ్లి మార్పించుకోండి.